ఏఐతో రాయించారన్న అభియోగంపై విచారణకు పిలిస్తే: అమెరికాలోని ఎఫ్-1 విద్యార్థి చేయవలసిన పనులు

గురువారం సాయంత్రం యూనివర్సిటీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. మీరు సమర్పించిన పేపరు మీరు రాసినది కాదన్న అనుమానం ఉందని, అయిదు పనిదినాల్లో జవాబు ఇవ్వాలని, తర్వాత విచారణ ఉంటుందని అందులో ఉంటుంది. కింద, ఏఐ రాతను పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ రిపోర్టులోని ఒక శాతం అంకె. ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి స్నేహితులు, సీనియర్లు, వాట్సాప్ గ్రూపులు తలా ఒక సలహా ఇచ్చేస్తారు. వాటిలో సగం సలహాలు అమెరికన్ విద్యార్థికి సరిపోవచ్చు గానీ, వీసా మీద ఉన్నవారికి ప్రమాదకరం.

ఇలాంటి ఒక విచారణకు నేను తోడుగా వెళ్లాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, డేటా సైన్స్ ఎంఎస్, రెండో సెమిస్టరు. ఒక కోర్సులో 2,400 పదాల ప్రాజెక్టు రిపోర్టు రాసింది. టర్నిటిన్ దాన్ని 68 శాతం ఏఐ రాతగా చూపించింది. ఆమె విషయంలో జరిగినదాన్ని వెంట ఉంచుకుని, ఏ పని ఎప్పుడు చేయాలో చెబుతాను.

మొదటి రోజు: ఏదీ వదలకండి

ఆమె మొదట చేయబోయిన పని ఆ కోర్సును డ్రాప్ చేయడం. "కోర్సే లేకపోతే కేసు ఎక్కడిది అన్నా" అని అడిగింది. ఆమె తీసుకున్నవి మూడు కోర్సులు, తొమ్మిది క్రెడిట్లు. ఆ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ విద్యార్థికి పూర్తికాలపు చదువంటే తొమ్మిది. ఒకటి వదిలితే మిగిలేవి ఆరు. ముందుగా యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల అధికారి అయిన డీఎస్ఓ అనుమతి లేకుండా పూర్తికాలపు క్రెడిట్ల కిందికి దిగితే ఎఫ్-1 నిబంధనను ఉల్లంఘించినట్టే. అంటే విచారణలో నిర్దోషిగా తేలినా, ఆ లోపే సొంత చేతులతో స్టేటస్ పోగొట్టుకునేది. పైగా కోర్సు వదిలినా కేసు పోదు. చాలా యూనివర్సిటీల్లో అభియోగం తేలేదాకా ఆ కోర్సు నుంచి బయటికి రానివ్వరు.

అందుకే మొదటి రోజు మూడు పనులే చేయండి. మెయిల్ అందిందని, గడువులోగా జవాబు ఇస్తానని రెండు వాక్యాల్లో తిరుగు మెయిల్ పంపండి. అందులో వాదన వద్దు, క్షమాపణ అసలే వద్దు. తర్వాత మీ పేపరుకు సంబంధించిన ఫైళ్లన్నీ ఎక్కడివక్కడ కదలకుండా ఉంచి, ఒక నకలు వేరే చోట దాచండి. మూడోది, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో మీ డీఎస్ఓతో సమయం తీసుకోండి. మీ ఎఫ్-1 చదువుకు ఆధారమైన ఐ-20 పత్రం మీద సంతకం పెట్టే అధికారే డీఎస్ఓ. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో మీ రికార్డు ఉండేదీ, పోయేదీ ఆ చేతి మీదుగానే.

చాలామంది డీఎస్ఓ దగ్గరికి వెళ్లడానికి భయపడతారు. "వాళ్లకు తెలిస్తే వీసా తీసేస్తారేమో" అనుకుంటారు. అభియోగం వచ్చినంత మాత్రాన సెవిస్ రికార్డును ముగించరు. అలా ముగించే పరిస్థితి ఏ శిక్షతో వస్తుందో, ఏ శిక్షతో రాదో చెప్పగలిగేది వాళ్లే. అయితే వాళ్లు మీ వకీలు కాదు, యూనివర్సిటీ ఉద్యోగులు. పేపరు ఎలా రాశారన్న కథ అక్కడ విప్పకండి. "ఇలాంటి కేసు నడుస్తోంది. ఒక్కో శిక్ష నా స్టేటస్‌ను ఎలా తాకుతుంది?" అన్నంతవరకే అడగండి.

వీసా విషయం: నేరం కాదు, శిక్ష చూడండి

పాస్‌పోర్టులోని వీసా స్టాంపు దేశంలోకి రావడానికి. ఇక్కడ ఉండటానికి ఆధారం మీ ఎఫ్-1 స్టేటస్, దాని రికార్డు సెవిస్‌లో ఉంటుంది. పరీక్షలోనో పేపరులోనో తప్పు చేశారని యూనివర్సిటీ తేల్చడం దానంతటదే ఇమిగ్రేషన్ నిబంధనల్లో ఉల్లంఘన కాదు. ఆ తీర్పు వల్ల మీరు పూర్తికాలం చదవలేని స్థితి వస్తే అప్పుడు స్టేటస్ దెబ్బతింటుంది. హెచ్చరిక, ఆ పేపరుకు సున్నా, నైతికత మీద వర్క్‌షాపు లాంటివి స్టేటస్‌ను నేరుగా తాకవు. సస్పెన్షన్, బహిష్కరణ తాకుతాయి.

సస్పెన్షన్ అమల్లోకి వస్తే డీఎస్ఓ ఆ కారణంతోనే సెవిస్ రికార్డును ముగిస్తారు. చదువు పూర్తయినవారికి దేశం విడిచి వెళ్లడానికి 60 రోజులు ఉంటాయి. డీఎస్ఓ ముందస్తు అనుమతితో చదువు మానుకున్నవారికి 15 రోజులు. సస్పెన్షన్‌తోనో బహిష్కరణతోనో రికార్డు ముగిస్తే ఒక్క రోజు కూడా గడువు లేదు. క్యాంపస్ ఉద్యోగం చేసే హక్కు కూడా అదే రోజు పోతుంది. ఈ తేడా తెలియక, సస్పెన్షన్ లేఖ చేతిలో పెట్టుకుని నెలల తరబడి రూములో ఉండిపోయినవారు ఉన్నారు.

అందువల్ల శిక్ష పేరు కంటే అది అమల్లోకి వచ్చే తేదీ ముఖ్యం. సెమిస్టరు మధ్యలో వెంటనే అమలైతే ఆ సెమిస్టరు క్రెడిట్లు పోతాయి, స్టేటస్ పోతుంది. సెమిస్టరు ముగిశాక అమలైతే కనీసం క్రెడిట్లు దక్కుతాయి, ఏ దారి పట్టాలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అప్పీలు నడుస్తున్నంతకాలం శిక్ష ఆగుతుందా అన్నదీ రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల ఆగుతుంది, అన్నిచోట్లా కాదు.

వేరే యూనివర్సిటీకి మారాలనుకుంటే, సెవిస్ రికార్డు సజీవంగా ఉన్నప్పుడు బదిలీ సులువు. ముగిసిన తర్వాత అయితే కొత్త యూనివర్సిటీ ద్వారా ఐ-539 ఫారంతో స్టేటస్ పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. సాధారణంగా అయిదు నెలల లోపు చేయాలి, మీ చేతిలో లేని కారణం వల్ల ఇలా జరిగిందని చూపాలి. క్రమశిక్షణ చర్యను అలా చూపడం కష్టం. రెండో దారి దేశం విడిచి, కొత్త ఐ-20తో మళ్లీ రావడం. అప్పుడు చదువుతూ పని చేయనిచ్చే సీపీటీ, చదువయ్యాక పని చేయనిచ్చే ఓపీటీ అర్హతకు కావలసిన ఒక విద్యా సంవత్సరం లెక్క మొదటి నుంచీ మొదలవుతుంది. సస్పెన్షన్ వచ్చే అవకాశం ఉందని డీఎస్ఓ అన్న రోజే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడటానికి డబ్బు ఖర్చు పెట్టండి. ఆ ఖర్చు దగ్గర వెనుకాడవద్దు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. కోర్సు మళ్లీ చదవాల్సి వచ్చి ఐ-20 ముగింపు తేదీ సరిపోకపోతే పొడిగింపు కావాలి. పొడిగింపుకు బలమైన విద్యాసంబంధ కారణమో, ఆరోగ్య కారణమో ఉండాలి. విద్యా ప్రొబేషన్ వల్ల, సస్పెన్షన్ వల్ల జరిగిన ఆలస్యం పొడిగింపుకు చెల్లదని నిబంధనలోనే రాసి ఉంది. చివరి సెమిస్టరులో ఉన్నవారు ఈ మాట ముందే డీఎస్ఓతో తేల్చుకోవాలి. ఓపీటీ దరఖాస్తు గడువు కూడా ప్రోగ్రాం ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకే. కేసు వల్ల డిగ్రీ ఆగే సూచన ఉంటే విచారణను త్వరగా పెట్టమని ఇదే కారణం చూపి అడగవచ్చు.

స్కాలర్‌షిప్: లెక్క వేసి చూడండి

అసిస్టెంట్‌షిప్పులు, ఫీజు మాఫీలు ఎక్కువగా రెండు షరతుల మీద నిలుస్తాయి. ఒకటి జీపీఏ, గ్రాడ్యుయేట్లకు సాధారణంగా 3.0. రెండోది క్రమశిక్షణ రికార్డు బాగుండటం. మీకు వచ్చిన ఆఫర్ లేఖ తీసి ఈ రెండో షరతు ఏ మాటల్లో ఉందో చదవండి. "ప్రొబేషన్‌లో ఉండకూడదు" అని ఉంటే, హెచ్చరికకూ ప్రొబేషన్‌కూ ఉన్న తేడా మీకు లక్షల రూపాయల తేడా.

ఆ అమ్మాయి మొదటి సెమిస్టరు జీపీఏ 3.4. రెండో సెమిస్టరులో మిగతా రెండు కోర్సుల్లో ఎ, ఎ మైనస్ వచ్చేలా ఉన్నాయి, అంటే 4.0, 3.7. మూడో కోర్సులో ఎఫ్ పడితే ఆ సెమిస్టరు సగటు 2.57, రెండు సెమిస్టర్లు కలిపితే 2.98. కేవలం 0.02 తక్కువకు అసిస్టెంట్‌షిప్ పోయేది. పేపరుకు మాత్రమే సున్నా పడి కోర్సులో బి మైనస్ వస్తే సగటు 3.43. ఈ లెక్క చేతిలో ఉండటం వల్లే విచారణలో ఏ శిక్ష కోసం అడగాలో ఆమెకు తెలిసింది. మీరూ కాగితం మీద వేసుకోండి.

స్వదేశం నుంచి వచ్చే డబ్బునూ లెక్కలోకి తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల్లో సాయం విడతలుగా వస్తుంది, తర్వాతి విడతకు సెమిస్టరు ఫలితాలు చూపాలి. విద్యారుణం ఇచ్చిన బ్యాంకు కూడా తర్వాతి సెమిస్టరు ఫీజు విడుదల చేయడానికి మార్కుల పత్రం అడుగుతుంది. గ్రేడు పెండింగులో ఉంటే, ఫలితం ఇంకా రావలసి ఉందని రిజిస్ట్రార్ నుంచి ఒక లేఖ తీసుకోవడం మేలు. ఇంట్లోవాళ్లు యూనివర్సిటీకి ఫోను చేస్తే లాభం లేదు. మీ సమ్మతి లేకుండా, విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే ఫెర్పా చట్టం ప్రకారం వాళ్లకు ఏమీ చెప్పరు.

ఆధారాలు: పేపరు కాదు, పేపరు పుట్టిన దారి

ముందుగా మీ మీద ఉన్న ఆధారాలు అడగండి. టర్నిటిన్ పూర్తి రిపోర్టు, ప్రొఫెసర్ రాసిన ఫిర్యాదు, అసైన్‌మెంట్ సూచనలు, సిలబస్‌లో ఏఐ గురించి ఉన్న పేరా కావాలని రాతపూర్వకంగా కోరండి. మీ విద్యా రికార్డులు చూసే హక్కు ఫెర్పా ఇస్తుంది. కానీ దానికి యూనివర్సిటీకి 45 రోజుల వరకు వ్యవధి ఉంది కాబట్టి, విచారణ నిబంధనల్లో ఆధారాలు ముందుగా చూపాలన్న నియమం ఉందేమో వెతికి దాన్ని ఉదహరించండి.

గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే File > Version history > See version history తెరవండి. ఎడమ వైపు మీ పేపరు, కుడి వైపు తేదీలు, సమయాలు కనిపిస్తాయి. ఆ అమ్మాయి పేపరు పదకొండు రోజుల మీద పెరిగింది. రెండో రోజు ఉన్న పరిచయం ఆరో రోజుకి పూర్తిగా మారింది, ఒక పట్టిక మూడుసార్లు కొట్టేసి మళ్లీ వచ్చింది. ఇలాంటి తడబాట్లే మీకు సాక్ష్యం. వర్డ్‌లో రాసినవారికి వన్‌డ్రైవ్‌లో ఇలాంటి చరిత్రే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రమే రాసి ఉంటే పాత డ్రాఫ్టులు, ఫైలు ప్రాపర్టీల్లో ఎడిటింగ్ సమయం, సందేహం అడుగుతూ టీఏకు పంపిన మెయిళ్లు, నోటు పుస్తకం ఫోటోలు పోగుచేయండి.

ఆ చరిత్రలో మీకు ఇబ్బంది కలిగించేవి మీరే ముందు వెతకాలి. ఎనిమిదో రోజు ఒకేసారి 310 పదాలు వచ్చి పడ్డాయి. విచారణలో మొదటి ప్రశ్న అదే అవుతుందని తెలుసు. బస్సులో ఫోను నోట్స్‌లో రాసి తర్వాత తెచ్చి అతికించానని ఆమె చెప్పింది. ఆ నోటు ఫోనులో తేదీతో సహా ఉంది, సగం తెలుగు పదాలు ఇంగ్లిష్ అక్షరాల్లో, అక్కడక్కడ తప్పులతో. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి జతచేశాం.

ఇక్కడే ఎవరో ఒకరు చెబుతారు, పేపరునంతా కొత్త ఫైలులో మళ్లీ టైపు చేసి చరిత్ర సృష్టించమని. పొరపాటున కూడా చేయకండి. మనిషి ఆలోచిస్తూ రాసిన ఫైలు వెనక్కీ ముందుకీ కదులుతుంది. చూసి టైపు చేసినది మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఆగకుండా సాగుతుంది, తేదీలేమో సమర్పణ తర్వాతివి. అది బయటపడితే అసలు అభియోగం కంటే పెద్ద అభియోగం వచ్చి పడుతుంది.

మీ పేపరులోని ప్రతి రిఫరెన్సునూ తెరిచి చూడండి. శాతం అంకె కన్నా ప్రొఫెసర్లు ఎక్కువగా నమ్మేది ఉనికిలో లేని వ్యాసాన్ని ఉదహరించడాన్నే. ఒక్కటి దొరికినా, అది ఎలా వచ్చిందో మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి.

టర్నిటిన్ అంకెను ఎలా ఎదుర్కోవాలి

ఈ డిటెక్టర్ల మీద చెప్పవలసినది ఉంది. టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో ఏఐ గుర్తింపును తెచ్చింది. ఆ ఫలితం ఒక్కదాన్నే ఆధారం చేసుకుని విద్యార్థి మీద చర్య తీసుకోకూడదని ఆ సంస్థే చెబుతుంది. అదే ఏడాది జూలైలో ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని ఉపసంహరించుకుంది. ఆగస్టులో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ టర్నిటిన్ ఏఐ డిటెక్టర్‌ను ఆపేసింది. 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాతలుగా తప్పుగా చూపించాయి. మనం బడిలో నేర్చుకున్న పరిమితమైన పదాలతో, ఒకే తీరు వాక్యాలతో రాస్తాం. యంత్రం వెతికేదీ ఆ ఊహించదగిన తీరునే. అయితే ఆ పరిశోధన పరీక్షించిన ఏడింటిలో టర్నిటిన్ లేదు. ఆ మాట కప్పిపెట్టకండి. కమిటీలో ఎవరో ఒకరు చదివే ఉంటారు.

ఇదంతా మీ వాదనలో ఒక పేరా మాత్రమే కావాలి. యంత్రం నమ్మదగినది కాదని పది పేజీలు రాసి, మీరు ఎలా రాశారో ఒక్క వాక్యం రాస్తే కమిటీకి అనుమానం పెరుగుతుంది. అలాగే మీ పేపరును వేరే డిటెక్టర్లలో పెట్టి, తక్కువ శాతం వచ్చినవి ఏరి చూపించకండి. డిటెక్టర్లను నమ్మవచ్చని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

వాంగ్మూలం రాయడం

ఒకటిన్నర పేజీ చాలు. మొదటి వాక్యంలోనే జవాబు ఉండాలి: ఈ పేపరు నేనే రాశాను, లేదా ఈ భాగానికి ఈ పరికరం వాడాను. తర్వాత రాసిన క్రమం, ఒక్కో ఆరోపణకు జవాబు, జతచేసిన ఆధారాల వరస. మీ ఇంగ్లిష్‌లోనే రాయండి. వ్యాకరణ తప్పులు మిగిలినా ఫర్వాలేదు. ఏఐతో రాయించావన్న ఆరోపణకు ఏఐతో మెరుగుపెట్టిన జవాబు పంపినవారు కూడా ఉన్నారు.

వాడి ఉంటే దాచకండి. ఆ అమ్మాయి చివరి భాగంలో వ్యాకరణం దిద్దే ఏఐ పరికరం వాడింది, వాక్యాలకు వాక్యాలే మార్చుకుంది. సిలబస్‌లో అలా వాడితే తెలియజేయాలని ఉంది, ఆమె తెలియజేయలేదు. దాన్ని వాంగ్మూలంలో తానే రాసింది. మొత్తం రాయించుకోవడానికీ, చెప్పకుండా దిద్దించుకోవడానికీ నిబంధనల్లో వేర్వేరు శిక్షలు ఉంటాయి. నిజంగానే మొత్తం రాయించుకుని ఉంటే, అబద్ధం మీద విచారణకు వెళ్లడం కన్నా ఒప్పుకుని తక్కువ శిక్ష కోరడమే మీ స్టేటస్‌ను కాపాడే అవకాశం ఎక్కువ. విచారణలో అబద్ధం చెప్పడం చాలాచోట్ల విడి నేరం.

కొన్నిసార్లు ప్రొఫెసర్ ముందే ఒక ఒప్పందం పత్రం ఇస్తారు: బాధ్యత ఒప్పుకుని సంతకం పెడితే పేపరుకు సున్నాతో ముగుస్తుంది. ఆ రోజే సంతకం పెట్టకండి. ఇది రికార్డులో ఎంతకాలం ఉంటుంది, మొదటి తప్పుగా లెక్కవేస్తారా, ట్రాన్‌స్క్రిప్టు మీద కనిపిస్తుందా అని అడగండి. రెండోసారి ఆరోపణ వస్తే మొదటి సంతకమే సస్పెన్షన్‌కు దారి తీస్తుంది.

విచారణ రోజు

రుజువు కొలమానం కోర్టులో లాగా ఉండదు. జరగకపోవడం కన్నా జరిగి ఉండే అవకాశం ఎక్కువని అనిపిస్తే చాలు, బాధ్యులని తేలుస్తారు. అందుకే "నిరూపించండి" అన్న ధోరణి పనిచేయదు. తోడుగా ఒక సలహాదారును తీసుకెళ్లనిస్తారు గానీ చాలాచోట్ల వారు మాట్లాడకూడదు. నేను పక్కన కూర్చుని కాగితాలు అందించానంతే.

మనవాళ్లకు రెండు అలవాట్లు అక్కడ చేటు చేస్తాయి. పెద్దల ముందు మర్యాదకు "సారీ సర్" అంటాం. అక్కడ అది ఒప్పుకోలుగా రాసుకుంటారు. తల ఊపి ఊరుకుంటాం. ఆ ఊపు అవునో కాదో వాళ్లకు తెలియదు. నోటితో అవును, కాదు అనండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి.

కమిటీలో ముగ్గురు ఉన్నారు. అతికించిన 310 పదాల గురించి అడిగారు, ఫోను నోటు చూపించింది. తర్వాత ఒక ప్రొఫెసర్ పేపరు తిప్పి, "ఇక్కడ సగటు కాకుండా మధ్యస్థం ఎందుకు వాడావు?" అన్నారు. డేటాలో నాలుగు ఇళ్ల అద్దెలు మిగతావాటికి పది రెట్లు ఉన్నాయని, సగటు తీస్తే మామూలు ఇల్లు కూడా ఖరీదైనదిగా కనిపిస్తోందని, మొదట సగటుతోనే చేసి ఆరో రోజు మార్చానని చెప్పింది. వెర్షన్ చరిత్రలో ఆరో రోజు ఆ మార్పు ఉంది. మీ పేపరును విచారణకు ముందు రోజు మళ్లీ చదవండి, ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పుకుని చూడండి.

చివర్లో శిక్ష గురించి చెప్పుకునే అవకాశం ఇస్తే వదులుకోవద్దు. జాలి కోసం కాదు, వివరం కోసం. సెమిస్టరు మధ్యలో సస్పెన్షన్ అంటే అమెరికన్ విద్యార్థికి ఒక విరామం, ఎఫ్-1 విద్యార్థికి గడువు లేకుండా దేశం విడవడం అన్న సంగతి కమిటీలో అందరికీ తెలియదు. డీఎస్ఓ దగ్గర తెలుసుకున్నది రెండు వాక్యాల్లో చెప్పండి.

లేఖ వచ్చాక

అప్పీలు గడువు చాలా తక్కువ, అయిదు నుంచి పది పనిదినాలు ఉండే చోట్లు ఎక్కువ. కొత్త ఆధారం, విధానంలో లోపం, తప్పుకు మించిన శిక్ష అన్నవే సాధారణంగా చెల్లే కారణాలు. మళ్లీ మొదటి నుంచి వినమంటే వినరు. అప్పీలు నడుస్తున్నప్పుడు భారత్‌కు ప్రయాణం పెట్టుకోకండి. మీరు అక్కడ ఉండగా రికార్డు ముగిస్తే పాత ఐ-20తో తిరిగి రాలేరు. ముందుముందు వీసా ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే నిజమే చెప్పండి. అక్కడ అబద్ధం తేలితే శాశ్వతంగా అనర్హులు కావచ్చు.

ఆ అమ్మాయికి తొమ్మిదో రోజు లేఖ వచ్చింది. పేపరు ఆమెదేనని, చివరి భాగంలో పరికరం వాడకం తెలియజేయనందుకు బాధ్యురాలని రాశారు. ఆ భాగానికి సున్నా, రాతపూర్వక హెచ్చరిక, ఒక వర్క్‌షాపు. కోర్సులో బి మైనస్ వచ్చింది. లేఖలో ప్రొబేషన్ అన్న మాట ఉందేమోనని రెండుసార్లు చదివి, లేదని చూసుకుని, ఒక నకలు డీఎస్ఓకు, ఒకటి అసిస్టెంట్‌షిప్ ఇచ్చిన విభాగానికి తానే తీసుకెళ్లి ఇచ్చింది.